క్యారమెల్ కస్టర్డ్, 3వ పాఠం: నీళ్ల ట్రేల కాల్చుడు, ప్లేట్ల బోర్లించుడు

పోయిన పాఠంల చక్కెర కరిగించి క్యారమెల్ చేసినం, టిన్ను అడుగున పోసినం, అది అద్దం లెక్క గట్టిపడ్డది. ఇయ్యాల కస్టర్డ్ కలిపి కాల్చుదాం, రేపు బోర్లిద్దాం. అందరికీ భయం బోర్లించేటప్పుడే ఉంటది గని అది సాఫ్‌గ ఊడి వస్తదా, ముక్కలైతదా అన్నది సగం ఓవెన్లనే తేలిపోతది, అందుకే రెండూ ఒకే పాఠంల పెడుతున్న.

లెక్క ఇదీ. ఆరు అంగుళాల అల్యూమినియం కేక్ టిన్ను (అడుగు ఊడేది కాదు, ఒకటే ముక్క ఉన్నది), అర లీటరు చిక్కటి పాలు, నాలుగు కోడిగుడ్లు, 80 గ్రాముల చక్కెర, ఒక చెంచా వెనీలా. పాలు మరగనియ్యద్దు, వేలు పెడితే వెచ్చగ తగిలితే చాలు. గుడ్లు, చక్కెర ఫోర్కుతోటి మెల్లగ కలపాలె, బీటర్ అస్సలు వద్దు, ఎందుకంటే నురగ వస్తే ఆ గాలి బుడగలన్నీ కాలినంక పొక్కలై కూసుంటయ్. పాలు కొంచెం కొంచెం పోసుకుంట కలిపి, జల్లెడల వడగట్టి, ఒక పది నిమిషాలు కదిలియ్యకుండ ఉంచితే మిగిలిన నురగ పైకి తేలుతది, దాన్ని చెంచతోటి తీసెయ్యాలె. ఇగ టిన్నుల పోసి పైన ఫాయిల్ కప్పాలె, లేకుంటే మీద తోలు లెక్క పొర కడుతది.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్లు. గుడ్డు ఒక్కటే అయితే 70 డిగ్రీల లోపలనే గట్టిపడుడు మొదలైతది, అండ్ల పాలు, చక్కెర కలిస్తే 80 నుంచి 85 మధ్యల గడ్డ కడుతది. ఆ 85 దాటి పోయిందంటే గుడ్డు ముడుచుకపోయి లోపలి నీళ్లను బయటకు పిండేస్తది. ఓవెన్ గాలి మాత్రం 150 డిగ్రీల మీద ఉంటది, అంటే నీళ్లు లేకుండ పెడితే మధ్యల ఉడికేలోపు అంచులు ఎప్పుడో పాడైపోతయ్. టిన్ను చుట్టూ నీళ్లుంటే అవి ఎంత కాలినా 100 దాటయ్, పైగా ఆవిరి పోతుంటది కాబట్టి ఇంక తక్కువలనే ఉంటయ్, అంచు మధ్య రెండూ ఇంచుమించు ఒక్కతీరుగ ఉడుకుతయ్.

ట్రే అడుగున ఒక పాత నూలు బట్ట మడిచి పరవాలె, దాని మీద టిన్ను. ఈ బట్టను చాలామంది విడిచిపెడుతరు. ఓటీజీల కింది రాడ్ వేడి నేరుగ ట్రేకు, ట్రే నుంచి టిన్ను అడుగుకు కొడుతది, బట్ట ఉంటే ఆ దెబ్బ తగలదు, టిన్ను జారదు గూడ. వేడి నీళ్లు (మసులుతున్నయి కాదు, పొగలు వస్తుంటే చాలు) ట్రేను ఓవెన్ల పెట్టినంకనే పొయ్యాలె, లోపలి కస్టర్డ్ మట్టం కన్న ఒక వేలు కిందికి వచ్చేదాక. అట్లయితే మోసుకపోయేటప్పుడు టిన్నులకు నీళ్లు చిందయ్. మన దిక్కు బోరు నీళ్లకు అల్యూమినియం టిన్ను నల్లగైతది, ట్రే నీళ్లల్ల ఒక నిమ్మచెక్క వేస్తే ఆ నలుపు రాదు.

హన్మకొండల మా పక్కింటి అక్క ఒకసారి చేసి చూపెట్టింది, "చెల్లే, ఇటు పక్కల చూడు మొత్తం పొక్కలే, గుడ్డు వాసన గూడ వస్తున్నది, పాలు మంచియి కావా ఏంది" అన్నది. పాలు మంచియే. పొక్కలు పక్కల, అడుగున ఉన్నయి, మధ్యల లేవు, ప్లేట్ల క్యారమెల్ గూడ నీళ్ల నీళ్లగ ఉన్నది. పైన పొక్కలుంటే నురగది తప్పు, పక్కలకు ఉన్నయంటే అది వేడి. అడిగితే 200ల పెట్టిందట, బట్ట వెయ్యలేదట, ట్రేల నీళ్లు బుడబుడ మసిలినయట. మళ్ల అదే పాలు, అవే గుడ్లు, 150ల, కింది వరసల, బట్ట వేసి పెట్టినం, కోస్తే లోపల ఒక్క పొక్క లేదు. ట్రేల నీళ్లు మసులుడు కనపడ్డదంటే వెంటనే అరగ్లాసు చల్లనీళ్లు పోసి ఓవెన్ పది డిగ్రీలు తగ్గించాలె.

150ల ఈ టిన్నుకు 50 నుంచి 65 నిమిషాలు పడుతది గని ఓటీజీ ఓటీజీకి తేడా ఉంటది, గడియారం కన్న ఊపి చూసుడే నమ్మాలె. 45 నిమిషాలకు ఫాయిల్ ఒక పక్కకు లేపి టిన్నును చిన్నగ కదపాలె. మొత్తం అలలు వస్తే ఇంక పచ్చిగున్నట్టు. అంచులు కదలకుండ, మధ్యల రెండు రూపాయి బిళ్లలంత జాగ మాత్రమే వణికితే తీసెయ్యాలె, బయట గూడ ఆ వేడికి ఇంకింత ఉడుకుతది. అసలే వణకకపోతే ఎక్కువైనట్టే. నడుమల కరెంటు పోతే తలుపు తియ్యకండి, నీళ్ల వేడికి కొద్దిసేపు ఉడుకుతనే ఉంటది, వచ్చినంక ఊపి చూసుకొని టైం పెంచుకోండి.

నీళ్లల్లకెళ్లి తీసి, పూర్తిగ చల్లారినంక ఫ్రిజ్‌ల రాత్రంతా పెట్టాలె. కస్టర్డ్ గట్టిపడటానికే కాదు, అడుగున ఉన్న క్యారమెల్ కస్టర్డ్ల తడిని పీల్చుకొని పాకమయ్యేది ఈ టైంలనే. రెండు మూడు గంటలకే బోర్లిస్తే క్యారమెల్ అంతా టిన్నుకే అతుక్కొని ఉంటది, కస్టర్డ్ గూడ జారడానికి కింద ఏం ఉండదు.

తెల్లారినంక కత్తి మొత్తం దించి చుట్టూ తిప్పద్దు, పక్కలన్నీ గీతలు పడుతయ్. చూపుడు వేలుతోటి అంచు పొంటి కస్టర్డ్‌ను మెత్తగ లోపలికి నొక్కుకుంట రావాలె, అది టిన్ను నుంచి సన్నగ విడుతుంటది. ఎక్కడన్న అతుక్కొని ఉంటే అక్కడ మాత్రమే సన్న కత్తి మొన ఒక సెంటీమీటరు దించాలె. ఇప్పుడు టిన్నును ఒక పక్కకు వంచి చూడండి, కస్టర్డ్ జరిగి, ఆ సందుల ఎర్రటి పాకం పైకి వస్తది. అది కనపడ్డదంటే లోపలికి గాలి పోయినట్టు. కింద గాలి లేకపోతే అది టిన్నును పట్టుకొనే ఉంటది, ఎంత ఊపినా రాదు, గట్టిగ కొడితే విరుగుతది. టిన్నును తిప్పుకుంట అన్ని దిక్కుల అట్లనే వంచాలె.

అంచున్న ప్లేటు తీసుకోండి, పాకం చాలా వస్తది. ప్లేటుకు రెండు చుక్కల నీళ్లు రాస్తే కస్టర్డ్ పక్కకు పడ్డా మెల్లగ మధ్యలకు జరుపుకోవచ్చు. టిన్ను మీద ప్లేటు పెట్టి, రెండింటినీ గట్టిగ పట్టుకొని ఒకటేసారి తిప్పేసెయ్యాలె, మెల్లగ తిప్పితే పాకం చేతుల మీద పడుతది. తిప్పినంక పక్కకు ఒక్క కుదుపు ఇయ్యాలె, లోపల "లొటుక్" మని చప్పుడైతది, అప్పుడు టిన్ను నిటారుగ లేపాలె. చప్పుడు రాకపోతే మళ్ల సీద పెట్టి, టిన్ను అడుగును వేడి నీళ్లల్ల పదిహేను సెకన్లు ఉంచి తిరిగి చెయ్యండి. అయినా రాకపోతే ఒక్క జాగల మాత్రం కత్తిని అడుగుదాక దించి కొంచెం పక్కకు వంచితే గాలి దూరుతది, ఆ ఒక్క గీత వచ్చిన పాకంల దాగుతది.

టిన్నుల కొంత క్యారమెల్ గట్టిగనే మిగులుతది, అది మామూలే. రెండు చెంచల నీళ్లు పోసి సన్న మంట మీద పెడితే కరుగుతది, చల్లార్చి కస్టర్డ్ మీద పోసుకోవచ్చు. వచ్చే పాఠంల ఓవెన్ లేనోళ్లకు ఇడ్లీ కుండల ఆవిరి మీద ఇదే కస్టర్డ్, అండ్ల మూత మీదికెళ్లి నీటి చుక్కలు పడకుండ ఏం చెయ్యాల్నో చూద్దాం.