అందరూ కింది ప్లాన్‌లోనే ఆగిపోతుంటే

లక్షణం: నెలవారీ చందాతో అమ్మే మీ సాఫ్ట్‌వేర్‌కు మూడు ప్లాన్లు పెట్టినా, చేరినవారిలో నూటికి తొంభై మంది కింది ప్లాన్‌లోనే ఉన్నారు. చందా మానేయడం లేదు, పైకీ కదలడం లేదు.

ఇలాంటప్పుడు మధ్య ప్లాన్ ధర తగ్గించాలనిపిస్తుంది. ఆగండి. ధర చూసి వెనకాడేవారు చెల్లింపు పేజీ దాకా వచ్చి వెళ్లిపోతారు. అసలు అక్కడికి వచ్చేవారే లేకపోతే తప్పు ధరది కాదు, పైకి వెళ్లాల్సిన అవసరమే వాళ్లకు రావడం లేదు.

కారణం: ఇన్‌వాయిస్‌లు తయారుచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఉందనుకుందాం. 200 మందిలో 180 మంది కింద, 14 మంది మధ్యలో, 6 మంది పైన ఉన్నారు. కింది ప్లాన్‌లో నెలకు 500 ఇన్‌వాయిస్‌లు పంపవచ్చు. ఆ 180 మంది వాడకాన్ని వరుసలో పేర్చి చూస్తే, 120 మంది 20 కూడా దాటరు. 60 మంది 40కి పైగా పంపుతారు. 500 అనే గీతను తాకేవారు ఒక్కరూ లేరు. మధ్య ప్లాన్‌కు అదనంగా ఇచ్చినవేమో రంగుల నమూనాలు, లోగో మార్పులు. వాటికోసం రెండున్నర రెట్లు ఎవరు చెల్లిస్తారు?

పరిష్కారం: 20కీ 40కీ మధ్య ఉన్న ఖాళీలో, అంటే 30 దగ్గర, గీత గీయండి. వ్యాపారం పెరిగినకొద్దీ ఇన్‌వాయిస్‌లూ పెరుగుతాయి కాబట్టి ఈ కొలత న్యాయంగా ఉంటుంది. వాడేవారి సంఖ్యను కొలతగా పెడితే చిన్న బృందాలు ఒకే పాస్‌వర్డ్‌ను పంచుకుంటాయి.

లెక్క చూడండి. ధరలు 1, 2.5, 6 పాళ్లలో ఉంటే ఇప్పటి రాబడి 251 పాళ్లు. ఇదే తీరున కొత్తగా చేరే 200 మందిలో, 40కి పైగా పంపే అరవై మందిలో సగం మంది మధ్య ప్లాన్ తీసుకున్నా అది 296 అవుతుంది. పాతవారిని మాత్రం వాళ్లు ఒప్పుకున్న షరతుల మీదే ఉంచండి. ఈ మాట తప్పితే, ఇన్నాళ్లూ వదలని వాళ్లే ముందు వెళ్లిపోతారు.

లక్షణం: మధ్య ప్లాన్‌కు వెళ్లినవారు మరుసటి నెలే కిందికి దిగుతున్నారు.

కారణం, పరిష్కారం: ఒక్క నెల రద్దీకే గీత దాటి ఉంటారు. వరుసగా రెండు నెలలు దాటితేనే ప్లాన్ మార్చమని అడగండి. 25వ ఇన్‌వాయిస్ దగ్గరే హెచ్చరిక చూపించండి. నెల మధ్యలో ఇన్‌వాయిస్ పంపడాన్ని ఆపేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. అది మీ కస్టమర్‌కు రావాల్సిన డబ్బును ఆపడమే.

లక్షణం: "పై ప్లాన్‌లోని ఆ ఒక్కటి చాలు, మిగతావి వద్దు" అని పదేపదే ఉత్తరాలు వస్తున్నాయి.

పరిష్కారం: దాన్ని ఏ ప్లాన్‌కైనా జోడించుకునేలా విడిగా అమ్మండి. నాలుగో ప్లాన్ మాత్రం పెట్టకండి.