రీల్‌లో "10 శాతం గ్యారంటీ" అన్నారు, అసలు వచ్చేదెంత? సమస్య - పరిష్కారం

బెంగళూరులో ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్ల ఫోన్లలో ఈ మధ్య బీమా ప్లాన్ల గురించి ఒకే రకం రీల్ తెగ తిరుగుతోంది. ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టండి, ఆ తర్వాత పదేళ్లపాటు ఏటా లక్ష వెనక్కి తీసుకోండి, చివర్లో మీ పది లక్షలు మీకే ఇచ్చేస్తారు, గ్యారంటీ, పైగా ట్యాక్స్ ఫ్రీ. చెప్పేది మన యాసలోనే, మన ఊరి కుర్రాడిలా, కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. మా కింది ఫ్లోర్‌లో ఉండే హిందూపురం కుర్రాడు ఇలాంటి రీలే పంపి, "అన్నా, ఎఫ్‌డీలో ఏడు రావడమే కష్టం, ఇక్కడ పది గ్యారంటీ అంటున్నాడు, లక్ష కట్టేయనా?" అని అడిగాడు. తను కట్టకముందు ఏమేం చూశామో, మీ దగ్గరికి ఇలాంటిదొస్తే ఏ లక్షణానికి ఏం చేయాలో రాస్తున్నా.

లక్షణం: "10 శాతం" అంటున్నారు, కానీ ఏ మొత్తం మీద పది శాతమో చెప్పడం లేదు

కారణం: పది లక్షలు కట్టారు, ఏటా లక్ష వస్తోంది, లక్షని పది లక్షలతో భాగిస్తే పది శాతం. లెక్కలో అబద్ధం లేదు, కాలమే లేదు. మీరు కట్టిన మొదటి లక్ష పదకొండేళ్లు వాళ్ల దగ్గర ఉన్నాక గానీ మీ చేతికి ఒక్క రూపాయి రాదు, చివరి పది లక్షలు ఇరవయ్యో ఏడు పూర్తయ్యాక వస్తాయి. ఆ ఎదురుచూపుకి రీల్‌లో విలువే కట్టరు. "పది పెడితే ఇరవై, డబుల్" అనే మాటలోనూ ఇదే లోపం, డబుల్ అవ్వడానికి ఎన్నేళ్లు పట్టిందన్నదే అసలు ప్రశ్న.

పరిష్కారం: గూగుల్ షీట్ గానీ ఎక్సెల్ గానీ తెరవండి. A కాలమ్‌లో ఒక్కో వరుస ఒక్కో ఏడాది మొదలు. మొదటి పది వరుసల్లో -100000 (మన జేబులోంచి పోయేది కాబట్టి మైనస్ గుర్తు తప్పనిసరి), పదకొండో వరుసలో 0, పన్నెండు నుంచి ఇరవై వరకు 100000, ఇరవై ఒకటో వరుసలో 1100000, అంటే ఆ ఏటి లక్ష, దాంతో పాటు తిరిగొచ్చే పది లక్షలు. డబ్బు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అన్నది కూడా లెక్కలోకి తీసుకుని ఏటా నిజంగా ఎంత శాతం వస్తుందో చెప్పేది ఐఆర్‌ఆర్, కింద ఆ ఫార్ములా కొట్టండి:

```
=IRR(A1:A21)
```

షీట్‌లో 5% అని వస్తుంది. డెసిమల్ పెంచే బటన్ నొక్కితే దాదాపు 5.4. మా కుర్రాడు అది చూసి ఎక్కడో ఒక సున్నా తప్పు కొట్టాననుకుని వరుసలన్నీ మళ్లీ లెక్కపెట్టాడు. తప్పేమీ లేదు, ఆ ప్లాన్ ఇచ్చేదే అంత. (#NUM! అని వస్తే మైనస్ గుర్తులు మర్చిపోయారని అర్థం.)

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. 5.4 అనగానే చెత్త అని కొట్టిపారేయక్కర్లేదు. మీరు 30 శాతం స్లాబ్‌లో ఉంటే ఏడు శాతం ఎఫ్‌డీ మీద పన్ను, సెస్సు పోగా చేతికొచ్చేది 4.8 దాకానే. ఈ ప్లాన్ డబ్బుకు మాత్రం పన్ను ఉండదు. 2023 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న ఇలాంటి పాలసీలన్నిటి ప్రీమియం కలిపి ఏడాదికి 5 లక్షలు దాటకుండా, బీమా కవర్ ప్రీమియానికి కనీసం పదింతలు ఉంటేనే ఆ మినహాయింపు. అందుకని దీన్ని పోల్చాల్సింది ఎఫ్‌డీతో కాదు, పన్ను లేని మరో దానితో, అంటే పీపీఎఫ్‌తో. పీపీఎఫ్ వడ్డీని 2020 ఏప్రిల్‌లో 7.1 శాతం చేశారు. అదే రేటు చివరిదాకా ఉంటుందనుకుని అవే పది లక్షలు పదేళ్లలో వేసి, తర్వాతి పదేళ్లు ఏటా లక్ష తీసేసుకుంటే, చివర్లో ఖాతాలో మిగిలేది సుమారు 15.6 లక్షలు. రీల్ ప్లాన్‌లో మిగిలేది 10 లక్షలు. తేడా ఐదున్నర లక్షల పైమాటే. పీపీఎఫ్‌లో కట్టడం ఆపిన ఏళ్లలో కూడా ఖాతా బతికుండాలంటే ఏటా కనీసం 500 వేయాలి, పదిహేనేళ్లకు ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవాలి, అంతే.

పీపీఎఫ్ రేటును మాత్రం ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది, రేపు తగ్గించొచ్చు. ప్లాన్‌లో ఆ 5.4 ఇరవై ఏళ్లూ మారకుండా ఉంటుంది, దాంతో పాటు పది లక్షల బీమా కూడా ఉంది. ఆ బీమా విలువెంతో తెలియాలంటే మీ వయసుకి పది లక్షల టర్మ్ పాలసీ ప్రీమియం ఎంతో చూసి, దాన్ని పీపీఎఫ్ వైపు ఖర్చుగా వేయండి. అప్పుడు పోలిక సరిగ్గా ఉంటుంది. ఇరవై ఆరేళ్ల కుర్రాడికి ఆ ఖర్చు వేసినా తేడా పెద్దగా తగ్గలేదు.

లక్షణం: కాగితం పంపమంటే ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది

కారణం: పూర్తి కాగితంలో రీల్‌కి పనికిరాని గడులుంటాయి. బీమా ప్లాన్ అమ్మేటప్పుడు మీ వయసు, మీ ప్రీమియంతో తయారుచేసిన బెనిఫిట్ ఇలస్ట్రేషన్, అంటే ఏ ఏడు ఎంత కడతారో, ఎంతొస్తుందో చూపే పట్టిక ఇవ్వాలి. మా కుర్రాడికి వాట్సాప్‌లో వచ్చింది దాంట్లోంచి కత్తిరించిన ఒక ముక్క, "మొత్తం లాభం" అన్న గడి వరకే. కింద ప్లాన్ పేరు కూడా లేదు.

పరిష్కారం: పీడీఎఫ్ పూర్తిగా అడగండి, ప్లాన్ యూఐఎన్ నంబరు కూడా. అనుమతి ఉన్న ప్రతి ప్లాన్‌కీ ఈ నంబరు ఉంటుంది, దాంతో ఆ కంపెనీ సొంత సైట్‌లో బ్రోషర్ వెతికి రెండూ పక్కపక్కన పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ముందు చూడాల్సింది "గ్యారంటీడ్" అన్న మాట ఏ గడి మీద ఉంది, ఏ గడి మీద లేదు అన్నది. బోనస్ ఇచ్చే ప్లాన్లలో 4 శాతం, 8 శాతం అని రెండు అంచనాలు పక్కపక్కన వేస్తారు. ఆ రెండూ ఊహలే, హామీలు కావు. 8 కింద ఉన్న మొత్తాన్ని చదివి "గ్యారంటీ" అనే రీల్స్ చాలా ఉన్నాయి.

తర్వాత సరెండర్ వాల్యూ గడి. మధ్యలో ఆపేస్తే ఎంతిస్తారన్నది అక్కడుంటుంది. ఈ ఊళ్లో కంపెనీ మారేటప్పుడో, లేఆఫ్ పడినప్పుడో, పెళ్లి ఖర్చులకో ప్రీమియం ఆగిపోవడం మామూలే కాబట్టి ఈ గడి మనకు చాలా ముఖ్యం. నిబంధనల ప్రకారం కనీస సరెండర్ విలువ రెండో ఏట ఆపేస్తే అప్పటిదాకా కట్టిన మొత్తంలో 30 శాతం, నాలుగు నుంచి ఏడో ఏడు మధ్య ఆపేస్తే 50 శాతం. 2024 అక్టోబరు నుంచి స్పెషల్ సరెండర్ విలువ నిబంధనలు మెరుగయ్యాయి, చాలా ప్లాన్లలో ఇప్పుడు అంతకంటే ఎక్కువే వస్తుంది, కానీ మొదటి ఏళ్లలో ఆపేస్తే నష్టం తప్పదు. మూడో ఏడు, ఐదో ఏడు వరుసల్లో ఎంతుందో చూడండి, అది చూశాక కూడా కట్టాలనిపిస్తే కట్టండి.

లక్షణం: "నేనూ ఇందులోనే పెట్టాను", "లింక్ బయోలో ఉంది", "శుక్రవారమే ఆఖరు"

కారణం: చాలాసార్లు ఆ లింక్ నొక్కితే మీ నంబరు ఒక ఏజెన్సీకి వెళ్తుంది, రీల్ చేసినవాళ్లకు నంబరుకింత అనో, అమ్మకానికింత అనో వస్తుంది. డబ్బు తీసుకుని చెప్పడం తప్పు కాదు, తీసుకున్నామని చెప్పకపోవడం తప్పు. బీమా కొనమని అడగాలంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం అనుమతి ఉండాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2023 ఆగస్టులో మార్చిన నియమాల్లో కూడా డబ్బు సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ అర్హతను, రిజిస్ట్రేషన్‌ను స్పష్టంగా చూపించాలని ఉంది.

పరిష్కారం: ఫోన్ చేసినవాళ్లను ఏజెంట్ నంబరు, ఏ సంస్థ తరఫునో వాట్సాప్‌లో రాసి పంపమనండి, ఆ నంబరును ఐఆర్‌డీఏఐ ఏజెన్సీ పోర్టల్‌లో వెతకండి. "ఐఆర్‌ఆర్ ఎంతొస్తుందో మీరే రాసి పంపండి" అని కూడా అడగండి. మా కుర్రాడు అడిగితే అవతలి అమ్మాయి ముందు "పది సార్" అంది, షీట్ పంపాక "అది వేరే లెక్క సార్" అని ఫోన్ పెట్టేసింది. డబ్బు ఎప్పుడైనా కంపెనీ సొంత సైట్‌లోనో, కంపెనీ పేరు మీదున్న ఖాతాకో కట్టాలి, వ్యక్తి పేరు కనిపించే యూపీఐకి కాదు. ఐఆర్‌డీఏఐ నుంచి ఫోన్ చేస్తున్నాం, మీ పాత పాలసీ బోనస్ ఆగిపోయిందని ఎవరన్నా అంటే కట్ చేసేయండి, ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు.

లక్షణం: ఇప్పటికే కట్టేశారు, ఈ లెక్క ఇప్పుడు చూశారు

పాలసీ పత్రం చేతికొచ్చి 30 రోజులు కాకపోతే టెన్షన్ అక్కర్లేదు. ఫ్రీ లుక్ కింద వద్దని కంపెనీకి మెయిల్ రాస్తే, ఆ కొద్ది రోజుల బీమా ఖర్చు, మెడికల్ టెస్టు, స్టాంపు డ్యూటీ మినహాయించి మిగతాది వెనక్కిస్తారు. ఏజెంట్‌కి చెప్పి ఊరుకోవద్దు, ఆయన "చూద్దాం సార్" అంటూ ఆ నెల దాటించేస్తాడు. మెయిల్ నేరుగా కంపెనీకే పంపండి.

30 రోజులు దాటితే మాత్రం కోపంతో సరెండర్ చేయకండి, ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కట్టినది కట్టేశారు, ఇప్పుడు అడగాల్సింది ఇక ముందు ఎంతొస్తుందని. అదే ప్లాన్‌లో మూడేళ్లు కట్టారు, నాలుగో లక్ష కట్టాలి, ఈరోజు సరెండర్ చేస్తే లక్షన్నర వస్తుందనుకోండి. కొనసాగిస్తే ఆ లక్షన్నరని వదులుకుని ఇంకో లక్ష కడుతున్నట్టు. కాబట్టి మొదటి వరుస -250000, తర్వాత ఆరు వరుసలు -100000, ఒక 0, తొమ్మిది వరుసలు 100000, ఆఖరున 1100000.

```
=IRR(A1:A18)
```

దాదాపు 7.3 వస్తుంది. కొత్తగా చేరేవాళ్లకి 5.4 ఇచ్చే ప్లానే, మూడేళ్లు ఇరుక్కున్నవాళ్లకి పీపీఎఫ్ కంటే కొంచెం మెరుగ్గా ఉంది, ఎందుకంటే నష్టం మొదట్లోనే జరిగిపోయింది. సరెండర్ విలువ ఇంకా ఎక్కువుంటే ఈ శాతం తగ్గుతుంది, అందుకే కంపెనీ నుంచి ఈరోజు సరెండర్ విలువ రాతపూర్వకంగా తెప్పించుకుని మీ అంకెతో వేయండి. ప్రీమియం భారం మోయలేకపోతే పెయిడ్-అప్ చేస్తే ఎంతిస్తారో అదే మెయిల్‌లో అడగండి, అంటే ఇక కట్టకుండా, తగ్గించిన మొత్తాన్ని గడువు వరకు ఉంచుకోవడం.

రీల్‌లో గానీ ఫోన్‌లో గానీ అబద్ధం చెప్పి అమ్మారనుకుంటే రీల్‌ని సేవ్ చేసి, చాట్లు జతచేసి ముందు కంపెనీకి ఫిర్యాదు పెట్టండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. కర్ణాటకకు సంబంధించిన ఆఫీసు బెంగళూరులోనే ఉంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.