కిట్‌లో రెండో గీత లేతగా వస్తే

నెలసరి తప్పిన రోజే ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకుంటే రెండో గీత ఒక్కోసారి కనీకనిపించకుండా వస్తుంది. మూత్ర పరీక్ష, గర్భం వచ్చాక ఒంట్లో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్ ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. నీళ్లు బాగా తాగాక చేస్తే అదీ తడబడుతుంది. రెండు మూడు రోజులాగి, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో మళ్లీ చూడండి. మామూలుగా డాక్టర్లకూ ఇదే చాలు.

బ్లీడింగ్, ఒకవైపు కడుపునొప్పి ఉంటే మాత్రం ఆగకుండా వెళ్లాలి. అప్పుడు బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష రాస్తారు. అందులో అంకె వస్తుంది కానీ ఒక్క అంకెతో తేలదు, 48 గంటలకు మళ్లీ రక్తం తీస్తారు. మొదట 200 ఉన్నది 380 అయితే పెరుగుదల బాగానే ఉన్నట్టు. 230 దగ్గరే ఆగితే గర్భం నిలవట్లేదేమో, ట్యూబులో ఉందేమో అని స్కాన్‌తో వెతుకుతారు.