డెడ్‌లిఫ్ట్‌లో బరువు పెంచే ముందు: ఊపిరి, నాడి, విరామం విషయంలో జాగ్రత్తలు

నేలమీది బార్‌ను పట్టుకొని, నిండుగా గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట బిగించి లేపడం బరువులెత్తేవారికి అలవాటే. అలా బిగబట్టిన గాలి నడుముకు ఆసరాగా నిలుస్తుంది గనుక అది పూర్తిగా తప్పుడు పద్ధతి కాదు. అయితే ఆ కొన్ని క్షణాల్లో గుండె మీద పడే భారం తెలియకుండా బరువు పెంచకూడదు.

ఊపిరి బిగబట్టినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు రక్తాన్ని తిరిగి తెచ్చే పెద్ద సిరలు నొక్కుకుపోతాయి. గుండెకు చేరే రక్తం తగ్గడంతో ఒక్కో దెబ్బకు బయటికి వెళ్లే రక్తమూ తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి నాడి వేగం పుంజుకుంటుంది. పైగా బిగుసుకున్న కండరాలు రక్తనాళాలను నొక్కడంతో రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. 1985లో కెనడా పరిశోధకులు బాడీబిల్డర్ల ధమనిలో గొట్టం పెట్టి కొలవగా, రెండు కాళ్లతో చేసే లెగ్‌ప్రెస్‌లో రక్తపోటు సగటున 320/250కి చేరింది. ఆరోగ్యవంతుల్లో ఇది క్షణాల్లో దిగిపోతుంది. ఊపిరి వదిలిన వెంటనే రక్తపోటు కిందికి జారుతుంది, కళ్లు చీకట్లు కమ్మేది ఎక్కువగా అప్పుడే.

నా సంగతే చెబుతాను. 100 కిలోలతో ఐదు రెప్‌ల సెట్‌కు ముందు ఛాతీ పట్టీలో నాడి 92 ఉంది, బార్ దించిన పది సెకన్ల తర్వాత 148కి చేరింది, మూడు నిమిషాలకు 100కి దిగింది. ఒకరోజు తొందరపడి నిమిషం విరామంతోనే తర్వాతి సెట్ మొదలుపెట్టి, ఐదు రెప్‌లూ ఒకే ఊపిరితో లాగాను. నాలుగో రెప్‌కే చెవుల్లో హోరు, కళ్ల ముందు నక్షత్రాలు. బార్ వదిలి నేలమీద కూర్చోవలసి వచ్చింది.

అందుచేత ప్రతి రెప్‌కూ విడిగా ఊపిరి తీసుకొని, బార్ మోకాళ్లు దాటి కష్టమైన చోటు గడిచాక మెల్లగా వదలాలి, పైన నిలబడి ఊపిరి బిగబట్టి ఉండకూడదు. బరువైన సెట్ల మధ్య మూడు నుంచి ఐదు నిమిషాల విరామం ఇవ్వాలి. కండరంలో ఖర్చయిన తక్షణ శక్తి నిల్వ చాలావరకు పూడడానికి అంత సమయం పడుతుంది, కాబట్టి నాడి దిగినా కండరం సిద్ధమైందని అనుకోరాదు. మరో మాట: బార్‌ను గట్టిగా బిగించి పట్టుకున్నప్పుడు మణికట్టు వాచీ తప్పు అంకెలు చూపుతుంది, శ్రమ తీవ్రతను నాడి వేగాన్ని బట్టి విడదీసి పరుగు కోసం రాసిన నాడి జోన్‌లూ ఇక్కడ పనికిరావు.

అదుపులో లేని రక్తపోటు, ధమని ఉబ్బు, గ్లాకోమా, కంటి రెటీనా జబ్బు, హెర్నియా ఉన్నవారు, ఇటీవల కంటి ఆపరేషన్ అయినవారు వైద్యుని అనుమతి లేనిదే ఊపిరి బిగబట్టే లిఫ్ట్‌లు చేయరాదు. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో నాడి అంతగా పెరగదు గనుక ఆ అంకెను నమ్ముకోకూడదు. బరువు దించాక ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, లేదా మునుపెన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే ఆ రోజు వ్యాయామం అక్కడితో ఆపి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.