పారా క్రీడల వార్తలు రాయడం, నాలుగో పాఠం: అంకె శాతం కాదు

2024 పారిస్ పారాలింపిక్స్‌లో దీప్తి జీవాంజి పరుగు మీద వార్త రాసి పంపమని పోయిన పాఠంలో అడిగినప్పుడు విభాగాల పట్టిక మీకు అర్థమైందనే అనుకున్నాను. తీరా వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం ఆమె విభాగం 'టి20' పక్కన '20 శాతం వైకల్యం' అని రాసి ఉన్నాయి. కాబట్టి చూపు లోపం విభాగాలను వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈసారి ఈ అంకె సంగతే చూద్దాం.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. మన దగ్గర సదరం ధ్రువపత్రం మీద వైకల్యం శాతంలో ఉంటుంది. పింఛనుకైనా రిజర్వేషన్‌కైనా 40 శాతం అన్న మాట అందరికీ అలవాటు. ఆ శాతానికీ క్రీడా విభాగానికీ ఏ సంబంధమూ లేదు. క్రీడలో వర్గీకరణ నిపుణులు చూసేది మూడు విషయాలు: అర్హత ఉన్న వైకల్యం ఉందా, అది ఆ క్రీడకు నిర్ణయించిన కనీస స్థాయిలోనైనా ఉందా, ఆ క్రీడలో చేయాల్సిన పనిని ఎంతవరకు ప్రభావితం చేస్తోంది. అందుకే 80 శాతం ధ్రువపత్రం ఉన్న మనిషి కూడా ఒక క్రీడకు అర్హత పొందకపోవచ్చు.

అథ్లెటిక్స్‌లో 'టి' అంటే పరుగులు, దూకుళ్లు. 'ఎఫ్' అంటే విసిరే పోటీలు. మొదటి అంకె చాలావరకు వైకల్యం రకాన్ని చెబుతుంది. 11 నుంచి 13 వరకు చూపు, 20 మేధోపరమైన వైకల్యం, 30లు కండరాల సమన్వయం, 40, 41 పొట్టి ఎత్తు. ఒకే వరుసలో అంకె తగ్గేకొద్దీ సాధారణంగా ప్రభావం ఎక్కువ. టి35ను టి36తో పోల్చవచ్చు గాని టి20తో పోల్చడం అర్థం లేని పని. 20లో వేరే మెట్లు లేవు, ఒకటే విభాగం. సిడ్నీ 2000 పారాలింపిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి పోటీల్లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో వైకల్యం లేనివారు ఆడినట్టు బయటపడ్డాక ఈ విభాగాన్ని పక్కన పెట్టి, పరీక్షలు కట్టుదిట్టం చేసి, 2012 లండన్‌లో మళ్లీ తెచ్చారు. శీర్షికలో ఒట్టి 'టి20' అని పెట్టకండి. మన పాఠకుడు క్రికెట్ అనుకుని పేజీ తిప్పేస్తాడు.

ఇప్పుడు మీలో ఒకరు పంపిన వాక్యం: 'మానసిక రుగ్మతతో బాధపడుతున్న పేదింటి అమ్మాయి వైకల్యాన్ని జయించి కాంస్యం సాధించింది.' మానసిక రుగ్మత, మేధోపరమైన వైకల్యం రెండు వేర్వేరు విషయాలు; 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా వాటిని విడివిడిగానే లెక్కిస్తుంది. ఆమె బాధపడుతున్నట్టు మీకు ఎవరూ చెప్పలేదు. ఆమె జయించింది తోటి పరుగుపందెగత్తెలను. వైకల్యం పందెం ముగిశాక కూడా ఆమెతోనే ఉంది. పేరున్న క్రీడాకారిణిని 'అమ్మాయి' అనడం కూడా నాకు నచ్చదు. 'సింధు గెలిచింది' అని రాసే పత్రికలో 'దీప్తి గెలిచింది' అనడం సబబే, జాలి చూపే పిలుపులు మాత్రం వద్దు. నేనైతే ఇలా రాస్తాను:

'పారిస్ పారాలింపిక్స్ మహిళల 400 మీటర్ల పరుగులో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం టి20లో ఈ పోటీ జరిగింది. అదే ఏడాది మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో ఆమె 55.07 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం అందుకుంది.'

ఫలితం ముందు, విభాగం తర్వాత, ఆపైన పోల్చి చూసుకోవడానికి ఒక పాత సమయం. చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఎగతాళి చేసిన మాటలు శీర్షికకు ఎక్కకూడదు. ఆమె స్వయంగా చెప్పుకుంటే కథనం లోపల, ఆమె మాటల్లోనే రావాలి. 'దివ్యాంగులు' అన్నది ప్రభుత్వ వాడుక, దాని మీద హక్కుల సంఘాలకు అభ్యంతరాలున్నాయి. అందుకే నేను ఆట గురించి రాసేటప్పుడు 'పారా అథ్లెట్'తో సరిపెడతాను.

అభ్యాసం కాస్త కఠినమైనదే. పారిస్‌లో పురుషుల ఎఫ్64 జావెలిన్‌లో సుమిత్ అంటిల్ 70.59 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. శ్రీలంకకు చెందిన దులన్ కొడితువక్కు 67.03 మీటర్లతో రజతం పొందాడు, అయినా ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. రెండో స్థానంలో ఉన్నవాడిది రికార్డెలా అవుతుంది? ఎఫ్64 కృత్రిమ కాలితో పోటీపడేవారిది, ఎఫ్44 కాలిలో వైకల్యం ఉన్నా కృత్రిమ కాలు లేకుండా విసిరేవారిది. పతకాలకు రెండింటినీ కలిపి ఒకే పోటీగా నడిపారు గాని రికార్డులు ఎవరి విభాగానివి వారివే. దులన్‌ది ఎఫ్44. ఈ సంగతంతా అర్థమయ్యేలా అరవై మాటల్లో వార్త రాయండి. 'వైకల్యం' అన్న మాట ఒక్కసారికి మించి రాకూడదు, సుమిత్ కాలు కోల్పోయిన రోడ్డు ప్రమాదం ప్రస్తావన మొదటి వాక్యంలో ఉండకూడదు.