ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి – పాఠం 4: క్రోమ్‌బుక్‌లో వీపీఎన్

పోయిన పాఠంలో చీమకుర్తి గ్రానైట్ యార్డు ఆఫీసు రూటరులో వైర్‌గార్డ్ సర్వర్ పెట్టాం. ఇప్పుడు ఒంగోలులో ఇంట్లో ఉన్న క్రోమ్‌బుక్‌ని దానికి కలుపుదాం. ఆఫీసు బిల్లింగ్ కంప్యూటర్ అడ్రసు 192.168.10.20. దాని పేజీ ఇంట్లో బ్రౌజర్‌లో తెరుచుకుంటే పని అయినట్టే.

సెట్టింగ్స్ తెరిచి Network లోకి వెళ్లి, Add connection నొక్కి, Add built-in VPN ఎంచుకోండి. Provider type దగ్గర WireGuard పెట్టండి. పేరు మీ ఇష్టం, "యార్డు" అని పెట్టుకున్నా చాలు. క్లయింట్ ఐపీ గడిలో ఈ క్రోమ్‌బుక్‌కి కేటాయించిన 10.8.0.5 రాయండి. నేమ్ సర్వర్ గడి ఖాళీగానే ఉంచండి. అక్కడ ఏదో ఒక అంకె వేసి, ఆ అడ్రసు నుంచి జవాబు రాకపోతే, వీపీఎన్ ఆన్ చేయగానే మామూలు వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు.

తాళాల విషయంలో తొందరపడొద్దు. తాళాల జతను క్రోమ్‌బుక్కే తయారుచేసుకునే ఎంపిక తీసుకోండి. అప్పుడు ప్రైవేట్ కీ ఆ యంత్రం దాటి బయటికి రాదు, వాట్సాప్‌లో పంపాల్సిన అవసరమే ఉండదు. ఇక సర్వర్ వైపు వివరాలు: సర్వర్ పబ్లిక్ కీ, అంటే చివర = గుర్తుతో ముగిసే 44 అక్షరాలు; ఎండ్‌పాయింట్ 203.0.113.10:51820 (ఇది ఉదాహరణ అంకె, మీ ఆఫీసుది వేయండి). Allowed IPs దగ్గర 192.168.10.0/24, కీప్‌అలైవ్ 25. ఎండ్‌పాయింట్ చివర పోర్ట్ నంబరు మరిచిపోవడం చాలామంది చేసే తప్పు.

సేవ్ చేశాక ఆ కనెక్షన్ వివరాల పేజీలో క్రోమ్‌బుక్ పబ్లిక్ కీ కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి సర్వర్‌లో ఇలా చేర్చాలి:

```
[Peer]
PublicKey = క్రోమ్‌బుక్_పబ్లిక్_కీ
AllowedIPs = 10.8.0.5/32
```

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. AllowedIPs అన్న మాట రెండు వైపులా ఉన్నా పని వేరు. క్రోమ్‌బుక్‌లో అది "ఏయే అడ్రసులకి ఈ దారిన వెళ్లాలి" అని చెబుతుంది. సర్వర్‌లో మాత్రం "ఈ తాళం ఉన్నవాడు ఏ అడ్రసుతో రావాలి" అని. క్రోమ్‌బుక్‌లో 0.0.0.0/0 వేస్తే ఇంట్లో చూసే వీడియోలు కూడా చీమకుర్తి లైన్ చుట్టూ తిరిగి వస్తాయి. బిల్లింగ్ కోసం అది అనవసరపు భారం.

ఇప్పుడు కనెక్ట్ నొక్కండి. Connected అని వచ్చినంత మాత్రాన నమ్మకండి. వైర్‌గార్డ్‌కి లాగిన్ అంటూ లేదు. తాళం తప్పైనా సర్వర్ "తప్పు" అని చెప్పదు, మౌనంగా ఉండిపోతుంది. అందుకే Ctrl+Alt+T నొక్కి, తెరుచుకున్న నల్ల కిటికీలో ఆఫీసు రూటరుని పిలవండి:

```
ping -c 4 192.168.10.1
```

జవాబులు వస్తే దారి పడినట్టే. బిల్లింగ్ కంప్యూటర్‌నే పిలవొద్దు, విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని అడ్డుకుని మిమ్మల్ని తప్పుదారి పట్టించవచ్చు. జవాబు రాకపోతే ముందు రెండు పబ్లిక్ కీలు అటూఇటూ మారాయేమో చూడండి. తర్వాత ఆఫీసు రూటరు WAN అడ్రసు చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ లైన్ బయటి నుంచి అందదు, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లని స్టాటిక్ ఐపీ అడగాల్సిందే. మీ ఇంటి రూటరు కూడా 192.168.10 వరసలోనే అడ్రసులు ఇస్తుంటే మరో చిక్కు: 192.168.10.1 అంటే ఇంటిదా, ఆఫీసుదా అన్న తికమక. రెండిట్లో ఒకదాని వరస మార్చాలి. ఇంటిది మార్చడమే తేలిక.

ఆఫీసు వాళ్లు ఇలా అంకెలు ఇవ్వకుండా .conf ఫైలో, క్యూఆర్ కోడో ఇస్తే ఆండ్రాయిడ్ దారి పట్టండి. ప్లే స్టోర్ నుంచి వైర్‌గార్డ్ యాప్ వేసి, ప్లస్ గుర్తు నొక్కి ఫైలు దిగుమతి చేసుకుని, అనుమతి అడిగితే సరే అనండి. టన్నెల్ వివరాల్లో rx అంకె కదలకుండా tx మాత్రమే పెరుగుతుంటే మనం పంపుతున్నాం గానీ అటు నుంచి ఏమీ రావడం లేదని అర్థం. స్కూలో, కాలేజీయో ఇచ్చిన క్రోమ్‌బుక్ అయితే ప్లే స్టోర్ మూసి ఉండవచ్చు, దాన్ని వాళ్లే తెరవాలి.

అదే .conf ఫైలుని ఫోన్‌లో కూడా వేసి రెండూ ఒకేసారి ఆన్ చేయకండి. సర్వర్ ఒక తాళానికి ఒక్క చోటునే గుర్తుపెట్టుకుంటుంది. చివరగా ఎవరి నుంచి ప్యాకెట్ వస్తే జవాబు వాళ్లకే పంపుతుంది, దాంతో బిల్లు సేవ్ చేస్తుండగా పేజీ మధ్యలో ఆగిపోతుంది. ఫోన్‌కి 10.8.0.6 తో వేరే తాళాల జత చేయించుకోండి.