రిటైరవుతున్న హెడ్మాస్టరు గురించి జూనియర్ టీచర్ మాట్లాడాల్సి వస్తే, ఆ ఐదు నిమిషాలు ఎలా సిద్ధం చేసుకోవాలి?

స్టాఫ్ వరకే పెట్టుకునే వీడ్కోలు సభలో ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో దాదాపు ముందే తేలిపోయి ఉంటుంది. మొదట సీనియర్ స్కూల్ అసిస్టెంట్లు, తర్వాత పీఈటీ సారు, హిందీ మేడం, పక్క మండలం నుంచి వచ్చిన హెడ్మాస్టరు ఉంటే ఆయన. చివర్లో "కొత్తగా చేరినోళ్ల తరఫున ఒకరు మాట్లాడండి" అంటారు. మీ వంతు వచ్చేసరికి క్రమశిక్షణ, సమయపాలన, అందరినీ కలుపుకుపోయే గుణం, ఇవన్నీ నలుగురి నోటా వచ్చేసి ఉంటాయి. మళ్లీ అవే చెబితే ఎవరికీ ఎక్కవు.

సీనియర్లకు ఆయనతో ఇరవై, ముప్పై ఏళ్ల పరిచయం ఉంటుంది. మీకు రెండేళ్లో మూడేళ్లో. కానీ పని నేర్చుకునే కంటితో ఆయన్ను చూసింది ఆ గదిలో మీరొక్కరే. మీ ప్రసంగం అక్కడి నుంచే రావాలి.

మా కర్నూలు జిల్లాలో, కోసిగి వైపు ఒక ఉన్నత పాఠశాలలో నాతో పనిచేసిన లెక్కల టీచరమ్మకు ఇలాగే చివరి వంతు వచ్చింది. ఆమె తయారీకి నేను దగ్గరుండి సాయం చేశాను. ఆ ప్రసంగాన్నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

మొదట తేదీలు సరిచూసుకోండి

ఇది చిన్న పనే, కానీ ఇక్కడ తప్పు పోతే తర్వాత ఎంత బాగా మాట్లాడినా నిలవదు. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఒక సభలో హెడ్మాస్టరు గారు ఆ బడికి వచ్చిన ఏడాదిని తప్పు చెప్పాను. ఆయన బదులు మాట్లాడేటప్పుడు ఎంతో మర్యాదగా సరిదిద్దారు. ఆ రోజు నుంచి నేను తేదీలను ఎవరి నోటిమాట మీదా రాయను. ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును అడిగితే ఆయన ఆ బడిలో చేరిన తేదీ, అంతకుముందు పనిచేసిన ఊళ్లు చెబుతారు. రెండు మూడు తేదీలు చాలు, సర్వీసు రిజిస్టరంతా తిరగేయాల్సిన పని లేదు.

రిటైర్మెంట్ తేదీ దగ్గర ఒక మెలిక ఉంది. మన రాష్ట్రంలో 2022 నుంచి ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62 ఏళ్లు. ఆ వయసు నిండిన నెలలో చివరి రోజున విరమణ. ఒకటో తేదీన పుట్టినవాళ్లకు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజే. పాత తరంలో బడిలో చేర్చిన రోజు అయ్యవారు ఏ తేదీ వేస్తే అదే పుట్టినరోజు కాబట్టి చాలామందికి రికార్డుల్లో జూన్ 1, జూలై 1 కనిపిస్తాయి. మా హెడ్మాస్టరు గారిది 1963 జూన్ 1. అంటే 2025 మే 31న విరమణ. అది ఎండాకాలం సెలవుల్లో పడింది కాబట్టి మేము ఏప్రిల్ చివర్లోనే, బడి మూసే ముందు సభ పెట్టుకున్నాం. అప్పటికి ఆయన ఇంకా మా హెడ్మాస్టరే. టీచరమ్మ చిత్తుప్రతిలో "నేటితో పదవీ విరమణ చేస్తున్న" అని రాసుకొచ్చింది. దాన్ని "వచ్చే నెలాఖరుకు" అని మార్పించాను.

ఒక్క సంఘటన పట్టుకోండి

ఆమె మొదటి చిత్తుప్రతి ఇలా మొదలైంది: "నిరాడంబరులు, నిగర్వి, అజాతశత్రువు, విద్యార్థుల పాలిట కల్పవృక్షం..." ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ మాటలు ఏ హెడ్మాస్టరు గురించైనా సరిపోతాయి. ఆమెను నేను అడిగింది ఒకటే: "సారు నీకు చెప్పిన మాటల్లో, ఇప్పటికీ నువ్వు చేస్తున్న పని ఏదమ్మా?"

కాసేపు ఆలోచించి, "పెన్సిల్ చుక్క సార్" అంది.

మా ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ పంటలు అయిపోయాక గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే వలస పోతాయి. పిల్లలూ వెంట పోతారు. హాజరు పట్టీలో వరసగా గైర్హాజరు పడుతూ పోతుంది. చేరిన మొదటి ఏడాది ఆమె తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయికి అలా రెండు వారాలు వేస్తూ పోయింది. ఒకరోజు హెడ్మాస్టరు గారు పట్టీ తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఈ పిల్ల యాడుందో కనుక్కున్న్యావా అమ్మా?" అని అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. సాయంత్రం ఆయన ఆమెనూ అటెండరునూ వెంటబెట్టుకుని ఆ పిల్ల ఊరికి వెళ్లారు. ఇంటికి తాళం. పక్కింటి అవ్వ మేస్త్రీ ఫోన్ నంబరు ఇచ్చింది. ఆయన వాకిట్లో నిలబడే మాట్లాడారు. పది రోజులకు ఆ పిల్ల వాళ్ల అవ్వ దగ్గరికి తిరిగొచ్చి బడికి వచ్చింది.

ఆ మరుసటి రోజు ఆయన ఒక అలవాటు చూపించారు. ఏ పిల్లయినా మూడు రోజులు వరసగా రాకపోతే పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క. ఫోన్ చేసి కనుక్కోవాలి, లేదంటే ఇంటికి పోవాలి. పిల్ల వచ్చిన రోజు చుక్క చెరిపేయాలి. ఇప్పుడు హాజరు ఫోన్‌లో వేస్తున్నా, ఆమె తన పట్టీలో ఆ చుక్క మానలేదు.

ఇలాంటిది దొరికాక మిగతా విశేషణాలు అక్కర్లేదు. మీకు ఒక్కసారిగా తట్టకపోతే అటెండరును, మధ్యాహ్న భోజనం వండే అక్కలను అడగండి. హెడ్మాస్టరు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ఏం చేస్తారో వాళ్లకే తెలుస్తుంది. వాళ్లు చెప్పింది వాడుకుంటే వాళ్ల పేరు చెప్పి వాడుకోండి.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త. పిల్ల పేరు, ఊరి పేరు చెప్పకండి. ఆ ఊరివాళ్లు స్టాఫ్‌లోనే ఉండొచ్చు, ఆ ఇంటి కష్టం నలుగురిలో పడటం బాగుండదు. హెడ్మాస్టరు సొంత డబ్బుతో ఫీజు కట్టారనో పుస్తకాలు కొన్నారనో మీకు తెలిస్తే, ఆయనకు దగ్గరివాళ్లను ముందుగా అడగండి. కొందరు అది బయటికి రావడం అస్సలు ఇష్టపడరు.

రాయడం

నేను గడియారం పెట్టుకుని చూస్తే, తొందర లేకుండా మాట్లాడేటప్పుడు నిమిషానికి 80 నుంచి 90 మాటలు వస్తాయి. ఐదు నిమిషాలకు 400 మాటలు. చేత్తో రాస్తే సుమారు మూడు పేజీలు. చివరి వంతు వాళ్లకు అంతకు మించి వద్దు. అప్పటికే భోజనాలు సిద్ధమై ఉంటాయి, ఓళిగలు చల్లారుతుంటాయి.

"వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ అందరినీ పేరు పేరునా పిలవడం బహిరంగ సన్మాన సభల పద్ధతి. స్టాఫ్ రూంలో "సార్‌కి, మేడంకి, అందరికీ నమస్కారం" అంటే సరిపోతుంది. మేడం అంటే ఆయన భార్య. ఆమె వచ్చి ఉంటే ఆమెను పలకరించడం మరవకండి. ఆ వెంటనే సంఘటనలోకి వెళ్లిపోండి. టీచరమ్మ చివరికి ఇలా మొదలుపెట్టింది:

"నేను చేరిన ఏడాది డిసెంబర్లో సారు నా టేబుల్ మీద హాజరు పట్టీ తెచ్చి పెట్టినారు. ఒక పేరు మీద వేలు పెట్టి, ఈ పిల్ల యాడుందో కనుక్కున్న్యావా అమ్మా అన్నారు."

"పెట్టినారు", "యాడుందో" అన్నవి ఆమె మొదట పుస్తక భాషలోకి మార్చుకొచ్చింది. నేను వద్దన్నాను. సారు ఆ మాట ఎలా అన్నారో అలాగే వినపడితేనే గదిలో ఉన్నవాళ్లకు ఆయన కళ్ల ముందు కనిపిస్తారు. మీరు అనంతపురం, కడప వైపు వాళ్లయితే మీ యాస మీది. అయితే ఆయన యాసను ఒత్తి పలికి నవ్వించే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఇంకొకటి, ఆయన్ను ఏమని సంబోధించాలి. మొదటి నాలుగు నిమిషాలు స్టాఫ్ వైపు తిరిగి "సారు ఇట్లా చేసినారు" అని కథలా చెప్పండి. చివరి నిమిషంలో ఆయన వైపు తిరిగి "మీరు" అనండి. ఆ తిరగడంతోనే ప్రసంగం ముగింపుకు వచ్చిందని అందరికీ తెలిసిపోతుంది. మొదటి నుంచీ "మీరు, మీరు" అంటూ పోతే ఆయన తల వంచుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఎదురుగా కూర్చుని ఐదు నిమిషాలు తన పొగడ్త వినడం ఎవరికైనా ఇబ్బందే.

"శేష జీవితం" అన్న మాట మీ కాగితంలో ఉంటే కొట్టేయండి. ప్రతి సన్మాన పత్రంలోనూ ఉంటుంది, ఎవరూ చెడు ఉద్దేశంతో రాయరు. కానీ 62 ఏళ్ల మనిషిని ఎదురుగా పెట్టుకుని మిగిలిన ఆయుష్షు లెక్క గుర్తుచేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. "ఇకపై" అంటే చాలు. అలాగే తర్వాత ఇన్‌ఛార్జి తీసుకోబోయే సీనియర్ అక్కడే కూర్చుని ఉంటారు. "ఇలాంటి హెడ్మాస్టరు మళ్లీ రారు" అంటే ఆయనకు ఎక్కడ గుచ్చుకుంటుందో ఆలోచించండి. పెన్షన్ కాగితాల జాప్యం, బదిలీల గొడవలు, సంఘాల సంగతులు ఈ ఐదు నిమిషాల్లోకి రానివ్వకండి.

గొంతు ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకోండి

ఇంట్లో రెండుసార్లు బయటికి చదవండి, మనసులో కాదు. టీచరమ్మకు రెండుసార్లూ ఒకే చోట గొంతు పట్టేసింది, తాళం వేసిన ఇంటి దగ్గర. ఆ వాక్యాన్ని రెండుగా విరిచి మధ్యలో గీత పెట్టించాను. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటే చాలు. సభ రోజు ఆమె అక్కడే ఆగింది. ఎవరూ కదల్లేదు. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది.

మొత్తం చూసి చదవకండి, పూర్తిగా కంఠతా పట్టకండి. పోస్టుకార్డంత అట్ట మీద నాలుగు గుర్తులు రాసుకుంటే సరిపోతుంది. ఆమెవి ఇవి: పట్టీ, తాళం, చుక్క, మీరు.

శాలువా, దండ స్టాఫ్ అందరి తరఫున సీనియర్లు వేస్తారు, మీ మాటలతో కలపకండి. ఆయన కాళ్లకు మొక్కాలనుకుంటే మాట్లాడాక మొక్కండి. ముందే మొక్కితే ఆయన లేచి నిలబడతారు, మైకు ఎవరి చేతిలో ఉండాలో తెలియక తడబాటు వస్తుంది.

ఆమె ముగింపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన వైపు తిరిగి ఇలా అంది:

"సార్, మీరు చూపించిన చుక్కలు ఈ ఏడు నా పట్టీలో పదకొండు పెట్టినాను. తొమ్మిది చెరిపినాను. ఇంకా రెండు ఉన్నాయి. జూన్‌లో బడి తెరిచినాక ఆ రెండిళ్లకూ పోయొచ్చి మీకు ఫోన్ చేస్తాను. నమస్కారం సార్."

ఆయన బదులు మాట్లాడటానికి లేచి, ముందుగా ఆ ఇద్దరు పిల్లలు ఎవరని ఆమెను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు.